గిఫ్ట్ కార్డులో డబ్బు అనుకున్నదాని కంటే తక్కువ చూపిస్తే లెక్క ఎలా తేల్చుకోవాలి?

బ్యాలెన్స్ తక్కువ కనిపించగానే చాలామంది చేసే పని కస్టమర్ కేర్‌కు ఫోన్ చేసి "నా డబ్బులు ఏమయ్యాయి?" అని అడగడం. అవతలివాళ్లు స్క్రీన్ మీద ఉన్న అంకె చదివి ఫోన్ పెట్టేస్తారు. ఎంత తేడా వచ్చిందో రూపాయి పైసలతో సహా మీ దగ్గర లెక్క ఉంటే తప్ప ఆ ఫోన్ వల్ల పని జరగదు. ఆ తేడా ఎంతో తెలిస్తే సగం సార్లు కారణం కూడా అందులోనే కనిపిస్తుంది, ఫోన్ చేసే అవసరమే రాదు.

ముందుగా దగ్గర పెట్టుకోవాల్సినవి

కార్డు, అది కొన్నప్పటి రసీదు, ఇప్పటిదాకా దానితో కొన్నవాటి బిల్లులు, ఒక కాగితం, పెన్సిల్. లెక్క కాగితం మీదే రాయండి. ఫోన్‌లో రాసుకున్నది సరిగ్గా బిల్లు కౌంటర్ దగ్గర దొరకదు. కార్డు వచ్చిన కవరు మీదే రాసుకుంటే ఇంకా మంచిది.

బ్యాలెన్స్ చూసేటప్పుడు కార్డు వెనక అచ్చువేసిన వెబ్ చిరునామాను చేత్తో టైప్ చేయండి. సెర్చ్‌లో పైన వచ్చిన లింకు నొక్కకండి. అచ్చం అసలు సైట్‌లాగే ఉండే పేజీలు పెట్టి కార్డు నంబరు, పిన్ కాజేసేవాళ్లు ఉన్నారు. ఒకవేళ లెక్కలో మీరు చేయని కొనుగోలు కనిపిస్తే మిగతా మెట్లన్నీ వదిలేసి, వెంటనే కార్డు ఆపించండి.

కార్డులో నిజంగా ఎంత పడింది?

2000 విలువున్న కార్డుకు మీరు 2100 చెల్లించారనుకోండి. ఆ 100 యాక్టివేషన్ ఫీజు. ఎక్కడైనా వాడుకోగలిగే బ్యాంకు గిఫ్ట్ కార్డులకు ఈ ఫీజు సాధారణంగా కొనేటప్పుడే విడిగా తీసుకుంటారు, కార్డులోని డబ్బులోంచి కోయరు. కాబట్టి లెక్క 2000 నుంచి మొదలవ్వాలి, 2100 నుంచి కాదు. ఒకే దుకాణానికి పనికొచ్చే కార్డులకు మామూలుగా ఈ ఫీజే ఉండదు. విలువను క్యాషియర్ టైప్ చేసే రకం కార్డయితే, రసీదులో యాక్టివేట్ అయిన మొత్తం చూడండి. అక్కడ ఒక సున్నా తగ్గితే తప్పు మొదట్లోనే జరిగినట్టు, దాన్ని సరిచేయించడానికి ఆ రసీదు ఒక్కటే ఆధారం.

అసలు చిక్కు: పెండింగ్‌లో ఉన్న డబ్బు

అందరూ తడబడేది ఇక్కడే. నిదానంగా చదవండి.

కార్డు గీసిన క్షణంలో డబ్బు దుకాణానికి వెళ్లిపోదు. ముందు "ఇంత పక్కన పెట్టండి" అని దుకాణం అడుగుతుంది. దీన్ని హోల్డ్ అంటారు. అసలు మొత్తం కొన్ని రోజుల తర్వాత ఖరారై దుకాణానికి చేరుతుంది, దీన్ని పోస్ట్ అవడం అంటారు. ఈలోగా హోల్డ్ పెట్టిన మొత్తం మీ బ్యాలెన్స్‌లోంచి తగ్గిపోయి కనిపిస్తుంది. చాలా దుకాణాల్లో హోల్డ్, బిల్లు ఒకటే కాబట్టి మనకు తేడా తెలియదు. కానీ కార్డు గీసేటప్పటికి చివరి బిల్లు ఎంతో తేలని చోట్ల, హోల్డ్ బిల్లు కంటే ఎక్కువ ఉండొచ్చు. పెట్రోలు పంపులు, హోటల్ గదులు, అద్దె కార్లు, టిప్ ఇచ్చే అలవాటున్న రెస్టారెంట్లు అలాంటివి.

ఒక లెక్క వేసి చూద్దాం. కార్డులో 2000. బట్టలకు 640, రెస్టారెంట్‌లో 350 వాడారు. మిగలాల్సింది 1010. సైట్‌లో 940 చూపిస్తోంది. తేడా 70. అది 350లో సరిగ్గా 20 శాతం. టిప్ కలుస్తుందేమోనని రెస్టారెంట్ 420 హోల్డ్ పెట్టిందన్నమాట. లావాదేవీల జాబితా తెరిస్తే 640 పక్కన పోస్టెడ్ అనీ, 420 పక్కన పెండింగ్ అనీ ఉంటుంది. బిల్లు 350గా పోస్ట్ అవగానే ఆ 70 దానంతటదే వెనక్కి వస్తుంది. మామూలుగా కొద్ది రోజుల్లో తేలిపోతుంది. హోటళ్లు, అద్దె కార్ల హోల్డ్‌లు ఇంకా ఎక్కువ రోజులు నిలవచ్చు.

పోస్ట్ అయ్యాక కూడా 420 అనే ఉంటే అప్పుడది పొరపాటు. ముందు రెస్టారెంట్‌కే వెళ్లండి, ఎందుకంటే మొత్తం పంపింది వాళ్లు. వాళ్లు సరిచేయకపోతే 350 బిల్లుతో కార్డు ఇచ్చిన సంస్థను అడగండి. పెండింగ్‌లో ఉండగానే ఫిర్యాదు చేస్తే చాలాచోట్ల అసలు తీసుకోరు, "పోస్ట్ అయ్యాక రండి" అంటారు.

ఇంకో మాట గట్టిగా చెప్పాలి. హోల్డ్ తేలక ముందు మిగతా బ్యాలెన్స్ మొత్తం ఖర్చు చేసేద్దామని చూడకండి. పై లెక్కలో 1010 ఉందని నమ్మి 1000 వస్తువుకు కార్డు గీస్తే, ఉన్నది 940 కాబట్టి అది తిరస్కరిస్తుంది. గిఫ్ట్ కార్డును పెట్రోలు పంపు దగ్గర గీయనే గీయకండి. లోపలికి వెళ్లి ఇంత అని చెప్పి చెల్లించండి.

కొంత కార్డుతో, కొంత వేరేగా

బ్యాలెన్స్ కంటే బిల్లు ఎక్కువైతే, ఉన్నంత తీసుకుని మిగతాది అడిగే తెలివి చాలా బిల్లింగ్ యంత్రాలకు ఉండదు, మొత్తాన్నే తిరస్కరిస్తాయి. గీయక ముందే "ఈ కార్డులోంచి 940 తీసుకోండి, మిగతాది వేరేగా ఇస్తాను" అని అంకెతో చెప్పండి. ఆన్‌లైన్‌లో చాలా సైట్లు రెండు కార్డులు ఒప్పుకోవు. చివర్లో మిగిలిన చిల్లరతో, మీరు తరచూ కొనే సైట్‌లోనే అంతే విలువకు దాని గిఫ్ట్ కార్డు కొనేసుకోవడం నా పద్ధతి. ఖాళీ అయిన కార్డును మాత్రం పారేయొద్దు. కొన్న వస్తువు వాపసు ఇస్తే డబ్బు అదే కార్డుకు రావచ్చు.

స్టోర్ క్రెడిట్ తక్కువ వస్తే

మొత్తం కలిపి 1500 ధర ఉన్న మూడు వస్తువులను 300 కూపన్‌తో 1200కు కొన్నారు. అందులో 500 వస్తువు వాపసిస్తే, డబ్బుకు బదులు అదే దుకాణంలో వాడుకునే క్రెడిట్ 400 పడుతుంది. తగ్గింపును మూడింటికీ ధరల వంతున పంచుతారు, 500కు వాటా 100. ఇది మోసం కాదు. మీరు ఆ వస్తువుకు ఇచ్చింది 400 మాత్రమే.

గడువు, వాడనందుకు ఫీజు

కార్డు మీద అచ్చయిన తేదీ కొన్నిసార్లు ప్లాస్టిక్‌కే గడువు, డబ్బుకు కాదు. అలాంటప్పుడు కొత్త కార్డు అడిగి తీసుకోవచ్చు. అమెరికాలో 2009 చట్టం ప్రకారం గిఫ్ట్ కార్డులోని డబ్బుకు కనీసం 5 ఏళ్ల గడువుండాలి, 12 నెలలు ముట్టకుండా ఉంటేనే వాడనందుకు ఫీజు వేయవచ్చు, అదీ నెలకు ఒక్కసారే. భారత్‌లో రిజర్వ్ బ్యాంకు నియమాల కిందికొచ్చే ప్రీపెయిడ్ కార్డులకు కనీస గడువు చివరిసారి డబ్బు వేసిన రోజు నుంచి 1 ఏడాది. సొంత దుకాణానికే పనికొచ్చే కార్డులు ఆ నియమాల కిందికి రావు, కాబట్టి వాటి షరతులు విడిగా చదవాలి. తేడా ప్రతి నెలా ఒకే అంకెతో పెరుగుతుంటే అది ఈ ఫీజే. షరతుల్లో రాసినంతే, రాసిన నెల నుంచే కోశారా అని చూడండి. ముందే కోసి ఉంటే, కొన్న తేదీ ఉన్న రసీదు చూపించి వెనక్కి అడగండి.

దుకాణం ఉచితంగా ఇచ్చిన ప్రమోషన్ క్రెడిట్ సంగతి వేరు. దానికి వారాల్లోనే గడువు ముగియవచ్చు. ఖాతాలో రెండు రకాలూ కలిపి ఒకే అంకెగా చూపిస్తుంటే, ఏ రకం ఎంతో, ఏది ఏ తేదీ వరకో విడదీసి కవరు మీద రాసుకోండి.