గడువు దాటినా పైవాళ్లకు మెసేజ్ వెళ్లడం లేదా? ఎస్కలేషన్‌లో తప్పు ఇలా పట్టుకోండి

మాదాపూర్‌లో ఒక ఆఫీసు ఐటీ డెస్క్ అనుకుందాం. పని వేళలు ఉదయం 9 నుంచి సాయంత్రం 6 వరకు. టికెట్ గడువు 4 పని గంటలు. 3 గంటలు గడిచాక టీమ్ లీడ్‌కు ముందస్తు మెసేజ్ వెళ్లాలి, 4 దాటితే మేనేజర్‌కు, ఇంకో 2 గంటలు గడిస్తే డిపార్ట్‌మెంట్ హెడ్‌కు.

సమస్య: పొద్దున పెట్టిన టికెట్ల మెసేజ్ ఆలస్యంగా, సాయంత్రం పెట్టినవాటిది మరీ ముందుగా వస్తోంది

సోమవారం 10 గంటలకు పెట్టిన ల్యాప్‌టాప్ టికెట్ గురించి మేనేజర్‌కు మధ్యాహ్నం 2కి తెలియాలి. తెలిసింది సాయంత్రం 6:30కి, ఆయన ఇంటికి బయల్దేరాక. అదే రోజు సాయంత్రం 5కి పెట్టినదానికి మంగళవారం మధ్యాహ్నం 12 దాకా గడువుంది. కానీ సోమవారం రాత్రి 9కే ఫోన్ మోగింది.

కారణం: పని వేళల క్యాలెండర్ `UTC`లో ఉంది. అక్కడి 9 నుంచి 6 అంటే మనకు మధ్యాహ్నం 2:30 నుంచి రాత్రి 11:30. మెయిల్ సర్వర్‌ను అనుమానించి టైం వృథా చేసుకోకండి. అది నెమ్మదిస్తే మెసేజ్‌లు ఆలస్యమవుతాయే గానీ గడువుకు ముందే రావు.

పరిష్కారం: క్యాలెండర్ టైమ్ జోన్‌ను `Asia/Kolkata`కు మార్చండి. మీ ప్రొఫైల్‌లో మారిస్తే తెరమీద కనిపించే టైం ఒక్కటే మారుతుంది, లెక్క మారదు. తర్వాత సాయంత్రం 5కి ఒక టెస్ట్ టికెట్ పెట్టి, గడువు మర్నాడు 12 అని చూపిస్తోందో లేదో చూడండి. అప్పటికే తెరిచి ఉన్న టికెట్ల గడువు దానంతటదే మారిందనుకోకుండా రెండు మూడు తెరిచి చూసుకోండి.

సమస్య: రెండు రోజులైనా ఎవరికీ మెసేజ్ లేదు

టికెట్ హిస్టరీ తెరవండి. "మీ జవాబు కోసం చూస్తున్నాం" అనే స్టేటస్‌లో గడియారం ఆగి ఉంటుంది. టెక్నీషియన్ సీరియల్ నంబర్ అడిగాడు, అవతలివాళ్లు పది నిమిషాల్లో పంపారు, స్టేటస్ మాత్రం ఎవరూ మార్చలేదు. జవాబు రాగానే టికెట్ మళ్లీ తెరుచుకునేలా రూల్ పెట్టండి. ఆగి ఉండే టైంకు కూడా ఒక హద్దు ఉండాలి. ఒక పని దినం దాటితే టీమ్ లీడ్‌కు తెలియాలి. లేకపోతే గడువు తప్పించుకోవడానికి ఆ స్టేటస్‌నే వాడుకుంటారు, టికెట్ పెట్టినవాళ్లు ఎదురుచూస్తూనే ఉంటారు.

సమస్య: మెసేజ్ వెళ్లింది, ఎవరూ కదల్లేదు

ఎవరికి వెళ్లిందో పేరు చూడండి. లీవులో ఉన్నవాళ్లకో, వేరే టీముకు మారినవాళ్లకో వెళ్లి ఉంటుంది. లేదా టికెట్ చూస్తున్నదే టీమ్ లీడ్ అయి, ఆయన మెసేజ్ ఆయనకే వెళ్లి ఉంటుంది. మెట్టుకు వ్యక్తి పేరు కాకుండా ఆ రోజు డ్యూటీలో ఉన్న పోస్టును పెట్టండి. టికెట్ చూస్తున్నవారూ ఆ మెట్టులోనివారూ ఒక్కరే అయితే నేరుగా పై మెట్టుకు పంపాలి. 30 నిమిషాల్లో "చూశాను" అని నొక్కకపోయినా అంతే.