కోర్టులో సాక్ష్యం చెప్పాల్సిన చిన్నపిల్లను ఎలా సిద్ధం చేయాలి?

ఇంటికి సమన్లు వచ్చాయి. పాపకు ఆరున్నరేళ్లు, ఒకటో తరగతి. నిరుడు స్కూలు ఆటోలో జరిగిన సంఘటన మీద పోక్సో కేసు నడుస్తోంది, గుంటూరు ప్రత్యేక కోర్టులో పాప సాక్ష్యం చెప్పాలి. పోక్సో చట్టం 35వ సెక్షన్ ప్రకారం కోర్టు కేసును విచారణకు స్వీకరించిన 30 రోజుల్లోపే బిడ్డ సాక్ష్యం నమోదు కావాలి. చాలా కేసుల్లో అంతకన్నా ఆలస్యం అవుతుంది, ఈలోగా చిన్నపిల్లలు కొంత మర్చిపోతారు కూడా. అందుకే సమన్లు చూడగానే ఇంట్లో టెన్షన్ మొదలవుతుంది. ఆ టెన్షన్‌లోనే పెద్దవాళ్లు కేసును దెబ్బతీసే పని ఒకటి చేస్తారు: పాపకు చెప్పాల్సింది నేర్పిస్తారు.

ఇక్కడ చెప్పుకునే పాప ఊహించుకున్న పాపే. పద్ధతి మాత్రం ఏ కేసుకైనా ఇదే.

ముందు ఇంట్లో ప్రశ్నలు ఆపండి

అమ్మమ్మ అన్నం కలుపుతూ అంటుంది: "చూడు తల్లీ, జడ్జిగారు అడిగితే ఆ ఆటోవాడే అని గట్టిగా చెప్పాలి, సరేనా?" ప్రేమతోనే అంది, అన్నది నిజం కూడా. కానీ రేపు క్రాస్‌లో, అంటే ఎదురు ప్రశ్నలు వేసేటప్పుడు, అవతలి వకీలు మెత్తగా "అమ్మమ్మ నీకేం చెప్పిందమ్మా?" అని అడిగితే, పాప ఉన్నదున్నట్టు "ఆటోవాడే అని గట్టిగా చెప్పమంది" అంటుంది. అంతే, 'నేర్పించిన సాక్ష్యం' అనే వాదనకు దారి దొరికినట్టే. బిడ్డ ఒక్కతి చెప్పిన మాట మీదే శిక్ష వేయడానికి చట్టంలో అడ్డేమీ లేదు. అయితే ఆ మాట బిడ్డదేనా, పెద్దలు పెట్టిందా అన్నదే కోర్టు అన్నిటికన్నా జాగ్రత్తగా చూస్తుంది.

ఇంకో నష్టం బయటికి కనపడదు. ఒకే ప్రశ్న రెండు మూడుసార్లు అడిగితే చిన్నపిల్లలు 'నేను ముందు చెప్పింది తప్పేమో' అనుకుని జవాబు మారుస్తారు. "వాడు నిన్ను కొట్టాడు కదా?" లాంటి ప్రశ్నకు పెద్దవాళ్లను సంతోషపెట్టడానికి తలూపుతారు. కొన్నాళ్లకు విన్నదేదో, చూసిందేదో వాళ్లకే కలిసిపోతుంది. అమెరికాలోని కాలిఫోర్నియాలో 1980లలో నడిచిన మెక్‌మార్టిన్ ప్రీస్కూల్ కేసులో పిల్లల్ని ఇలా పదే పదే, జవాబు అందించే ప్రశ్నలతో అడిగారు. చివరికి ఒక్కరికీ శిక్ష పడలేదు. పిల్లల్ని ఎలా అడగాలి అన్న పరిశోధన ఆ తర్వాతే బాగా ఊపందుకుంది.

కాబట్టి సంఘటన గురించి ఇంట్లో ఎవరూ ఎత్తొద్దు. పాపే ఎత్తితే వినండి, "చెప్పినందుకు మంచిపని చేశావు" అనండి, పొడిగించి అడగకండి. తర్వాత పక్కకు వెళ్లి, పాప అన్న మాటలు అన్నట్టే, తేదీ వేసి రాసుకోండి. పాత వాంగ్మూలం ఇంట్లో చదివించి బట్టీ పట్టించడం అసలు వద్దు.

ఎవరెవరిని కలవాలి?

పోక్సో నిబంధనలు (2020) ప్రకారం బాలల సంక్షేమ కమిటీ బిడ్డకు ఒక సహాయక వ్యక్తిని కేటాయించవచ్చు. సపోర్ట్ పర్సన్ అంటే అందరికీ అర్థమవుతుంది. మీకు ఎవరూ రాకపోతే కమిటీకి ఒక కాగితం రాసి అడగండి. దారి తెలియకపోతే 1098కి ఫోన్ చేసినా చెబుతారు. సొంతంగా వకీలును పెట్టుకునే హక్కు కుటుంబానికి ఉంది. స్థోమత లేకపోతే న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా ఇస్తుంది.

ఆ తర్వాత పీపీ గారు, అంటే ప్రభుత్వం తరఫున కేసు వాదించే పబ్లిక్ ప్రాసిక్యూటర్. ఆయన్ని వాయిదా రోజు హడావుడిలో కాకుండా ముందే కలిసి మూడు విషయాలు అడగండి. పాపకు నిందితుడు కనపడకుండా తెరగానీ వీడియోగానీ పెట్టమని (36వ సెక్షన్). ప్రశ్నలు వకీళ్లు నేరుగా వేయకుండా జడ్జిగారి ద్వారా వేయించమని (33వ సెక్షన్). విచారణ మూసిన గదిలో, పాప నమ్మే మనిషి పక్కన ఉండగా జరపమని (37వ సెక్షన్). ఇవన్నీ చట్టంలో ఉన్నవే, కానీ ఎవరో ఒకరు అడిగితే తప్ప అమలులో జారిపోతుంటాయి. ముఖ్యంగా రెండోది. నిందితుణ్ని పాప గుర్తుపట్టాల్సి వస్తే అది ఎలా జరుగుతుందో కూడా అప్పుడే తేల్చుకోండి.

సైకాలజిస్టు దగ్గర ఏం జరగాలి?

ఇక్కడ చాలామంది పొరబడతారు. సైకాలజిస్టు సాక్ష్యం రిహార్సల్ చేయించరు, చేయించకూడదు. కోర్టు సన్నాహంలో సంఘటన ఊసే రాదు. పాప నేర్చుకునేది ప్రశ్నకు జవాబివ్వడం ఎలాగన్నది మాత్రమే.

మన పాప విషయంలో మొదటిసారి కూర్చున్నప్పుడు సైకాలజిస్టు, "మా ఇంట్లో కుక్క ఉంది, దాని పేరేంటో చెప్పు?" అని అడుగుతారు. పాప కాసేపు ఆలోచించి "టామీ" అంటుంది. ఆ వయసు పిల్లలంతే, పెద్దవాళ్లు అడిగారంటే ఏదో ఒకటి చెప్పాలనుకుంటారు. "నువ్వెప్పుడైనా చూశావా మా కుక్కని? లేదు కదా. మరి అప్పుడు 'తెలియదు' అనొచ్చు." ఇంకో రెండు ప్రశ్నలకు పాప "తెలియదండి" అని నవ్వుతుంది. తర్వాత సైకాలజిస్టు కావాలనే తప్పు చెబుతారు: "నీకు తొమ్మిదేళ్లు కదా?" పాప "కాదు, ఆరున్నర" అని సరిదిద్దాలి. అలాగే అర్థంకాని పెద్ద మాటలతో ఓ ప్రశ్న వేసి "అర్థం కాలేదు" అనడం అలవాటు చేస్తారు. అడిగిందే మళ్లీ అడిగితే, ముందు చెప్పింది నిజమైతే అదే చెప్పొచ్చన్నది నాలుగో పాఠం.

ఆ తర్వాత ఏదైనా మామూలు సంగతి, మొన్నటి పుట్టినరోజు లాంటిది, మొదటి నుంచి చివరిదాకా చెప్పించి వింటారు. మధ్యలో "ఆ తర్వాత?" అంటారే తప్ప వేరే అందించరు. పాప తనంతట తాను ఎంత వివరంగా చెప్పగలదో దీంతో తెలుస్తుంది.

నిజం, అబద్ధం తేడా తెలుసా అని జడ్జిగారు ముందుగా కొన్ని ప్రశ్నలు వేస్తారు. అందుకూ ఇక్కడే తయారీ. "ఈ పెన్సిల్ ఎర్రగా ఉందంటే నిజమా, అబద్ధమా?" సరిపోతుంది. 'అబద్ధం అంటే ఏమిటి?' అని నిర్వచనం అడిగితే ఆరేళ్ల పిల్ల తడబడుతుంది, తేడా బాగానే తెలిసినా సరే. నిజం చెప్పాలని పాపకు తెలిసి, ప్రమాణం అంటే ఏమిటో తెలియకపోతే, పన్నెండేళ్లలోపు పిల్లల సాక్ష్యాన్ని ప్రమాణం లేకుండానే తీసుకోవచ్చు.

రాత్రిళ్లు ఉలిక్కిపడటం, పక్క తడపడం లాంటివి ఉంటే వాటికి చికిత్స వేరుగా జరగాలి, కేసు అయ్యేదాకా ఆపక్కర్లేదు. వీలైతే చికిత్స చేసేవారు ఒకరు, కోర్టుకు రాసిచ్చేవారు మరొకరు ఉండాలి. చికిత్సలో పాప తనంతట తాను సంఘటన గురించి ఏదైనా అంటే, ఏ ప్రశ్నకు అందో దానితో సహా ఆ మాటల్నే రాసుకోవాలి. ఆ నోట్స్‌ను రేపు కోర్టు తెప్పించుకోవచ్చు.

కోర్టుకు రాసే లేఖ

నా లెక్కలో సైకాలజిస్టు చేసే పనుల్లో అన్నిటికన్నా పనికొచ్చేది ఇదే. పీపీ గారి ద్వారా జడ్జిగారికి ఒకటిన్నర పేజీ. 'బాలిక మానసిక స్థితి సాధారణం' లాంటి వాక్యాల వల్ల ఎవరికీ ఉపయోగం లేదు. మన పాప విషయంలో ఇలా ఉండాలి.

పాప పదిహేను నిమిషాలు శ్రద్ధగా ఉంటుంది. ఆపైన గౌను అంచు మెలితిప్పడం మొదలుపెడితే విరామం ఇవ్వాలి. ఇరవై దాకా లెక్కపెడుతుంది గానీ 'ఎన్నిసార్లు' అన్న ప్రశ్నకు ఆ వయసులో నమ్మదగ్గ జవాబు రాదు. నెలలు, గంటలు తెలియవు. 'సంక్రాంతి సెలవులకు ముందా, తర్వాతా', 'అన్నం తిన్నాకా, తినకముందా' అంటే చెబుతుంది. ఆటో డ్రైవరు, పక్కింటాయన, నాన్న స్నేహితుడు ముగ్గురినీ 'అంకుల్' అనే పిలుస్తుంది, కాబట్టి ఏ అంకులో ప్రతిసారీ స్పష్టం చేయాలి. భయపడితే 'ఊఁ' అంటుంది. అది కథ వింటూ ఊకొట్టడం లాంటిదే, అవుననడం కాదు. దాన్ని అంగీకారంగా రాసుకోకుండా మాటల్లో జవాబు అడగాలి.

ప్రశ్నల నిర్మాణం గురించి కూడా ఒక ఉదాహరణ చూపాలి. "ఆ రోజు నువ్వు ఆటో ఎక్కలేదని చెప్పడం నిజం కాదా?" అంటే పెద్దవాళ్లకే తికమక. ఆరేళ్ల పిల్ల అవునన్నా కాదన్నా దానికి అర్థం ఉండదు. "ఆ రోజు ఇంటికి ఎలా వచ్చావు?" అంటే చాలు.

'పాప నిజమే చెబుతోంది' అని మాత్రం లేఖలో రాయకూడదు. అది తేల్చాల్సింది కోర్టు. పాప ఏడవకుండా నవ్వుతూ చెప్పడం వల్ల అబద్ధమని అనుకోకూడదని చెప్పొచ్చు, ఎందుకంటే సిగ్గుపడినా భయపడినా పిల్లలు నవ్వుతారు.

కోర్టు చూపించడం, వాయిదా రోజు

కొన్ని రోజుల ముందు, వేరే కేసు నడవని సమయంలో పాపకు ఆ గది చూపించడానికి అనుమతి అడగండి. జడ్జిగారు ఎక్కడ కూర్చుంటారు, టైపు చేసే ఆయన ఎందుకు ఉంటారు, బాత్‌రూమ్ ఎటు. పాప తన కుర్చీలో ఒకసారి కూర్చుని లేస్తే చాలు. బోనులో నిలబడక్కర్లేకుండా కుర్చీ వేయించమని అప్పుడే అడగొచ్చు.

వాయిదా రోజు ఉదయం కాల్ వర్క్, అంటే ఆ రోజు కేసులన్నిటినీ వరసగా పిలవడం, అయ్యేదాకా మీ వంతు ఎప్పుడో తెలియదు. బెయిల్ మీద ఉన్న నిందితుడు కూడా అదే వరండాలో తిరుగుతుంటాడు. గదిలో తెర కట్టించి, వరండాలో ఎదురుపడనిస్తే లాభం లేదు. అందుకే వేరే గదిలోనో, కోర్టు ఆవరణ బయటో ఉండి, వంతు వచ్చినప్పుడు ఫోన్ చేసేలా సపోర్ట్ పర్సన్‌ను లోపల ఉంచండి. టిఫిన్ పెట్టి, మంచినీళ్లు, రంగుల పుస్తకం తీసుకెళ్లండి. వాయిదా పడే అవకాశం ఎప్పుడూ ఉంటుంది. కాబట్టి "ఈరోజుతో అయిపోతుంది" అని మాట ఇవ్వకండి. "బాగా చెబితే బొమ్మ కొనిస్తా" అనడం ఇంకా ప్రమాదం, క్రాస్‌లో అదీ బయటికొస్తుంది. పొద్దున్న పాపతో అనదగ్గ మాటలు: "జడ్జిగారు అడిగింది విను. తెలిసింది చెప్పు. తెలియకపోతే తెలియదను." ఇంట్లో ఏం చెప్పారని రేపు వకీలు అడిగినా, పాప ఇదే చెబుతుంది, దాంతో ఇబ్బంది లేదు.

బయటికొచ్చాక "ఏం చెప్పావ్?" అని అడగొద్దు. అన్నం పెట్టి, ఇంటికి తీసుకెళ్లండి. క్రాస్ మరో రోజుకు వాయిదా పడి ఉంటే ఈ నియమం ఇంకా గట్టిగా పాటించాలి. వాంగ్మూలం పూర్తయ్యాక కూడా అవతలివాళ్లు పాపను మళ్లీ పిలవాలని పిటిషన్ వేయవచ్చు. బిడ్డను పదే పదే కోర్టుకు రప్పించకూడదని 33వ సెక్షన్‌లోనే ఉంది. మొదటిసారి తర్వాత పాప నిద్ర, తిండి, స్కూలు ఎలా ఉన్నాయో సైకాలజిస్టు రాసిన కొత్త లేఖతో సహా ఆ పిటిషన్‌ను వ్యతిరేకించమని పీపీ గారిని కోరండి.