1857లో బ్రౌన్ ఎక్కడున్నారు?

ఒకరి జీవితాన్ని ఓ పెద్ద సంఘటనతో ముడిపెట్టే ముందు జనన, మరణ సంవత్సరాలు చూసి ఆగిపోకండి. ఉదాహరణకు సి.పి. బ్రౌన్ 1798లో పుట్టి 1884లో పోయారు కాబట్టి, 1857 తిరుగుబాటు నాటికి బతికే ఉన్నారు. మరి మద్రాసులోనో, కడపలోనో ఉండి ఆ వార్త విన్నారా? లేదు. అప్పటికే ఉద్యోగం వదిలి ఇంగ్లండ్ వెళ్లిపోయారు. అందుకే సంఘటనకు ముందూ వెనకా తేదీ, ఊరు రెండూ ఉన్న ఉత్తరాలు, పీఠికలు, ఉద్యోగ రికార్డులు వెతకాలి. ముందటి ఆధారానికీ వెనకటి ఆధారానికీ మధ్య ప్రయాణమేదీ లేదని తేలితేనే ఊరు ఖాయం చేసుకోవచ్చు.

సంవత్సరం ఒకటే అయితే నెల కూడా చూడండి. కందుకూరి పోయింది 1919లోనే అయినా మే 27న. జలియన్‌వాలాబాగ్ ఏప్రిల్ 13న జరిగింది, అంటే అప్పటికి ఆయన ఉన్నారు.