పుట్టపాక మగ్గాల టూర్: బుకింగ్‌కు ముందు జాగ్రత్తలు

ఇక్కత్ నేసే పుట్టపాకకు అతిథులను తీసుకెళ్లేవాళ్లు ముందు నెల చూసుకోండి. వానాకాలం వద్దు. గుంట మగ్గాల్లో చెమ్మ చేరి నేత ఆగిపోతుంది, రంగు వేసిన నూలు ఆరదు.

"ఒక్కరోజులో ఇక్కత్ నేయిస్తాం" అని ప్రోగ్రాంలో రాయకండి. ఇక్కత్‌లో డిజైన్ మగ్గం మీద పుట్టదు. నూలును ఆసు చట్రం మీద చుట్టి, దానికి రబ్బరు ముడులు కట్టి, రంగులో ముంచి, ముడులు విప్పాకే నేత. అందుకే ఎనిమిది మంది వస్తే పొద్దున అందరితో చిన్న నూలు చిలపకు ముడులు కట్టించండి, ఒక రంగు వేయించండి. మధ్యాహ్నం ఒక్కొక్కరిని మగ్గం మీద కూర్చోబెట్టండి.

అసలు జాగ్రత్త ఇక్కడే. ఆర్డర్ చీర ఉన్న మగ్గం మీద అతిథిని కూర్చోనివ్వొద్దు. అడ్డంగా వేసే పేక నూలు కాస్త పక్కకు జరిగినా పువ్వు అంచులు కలవవు, ఆ లోపం చీరలో కనబడుతుంది. నేర్పడానికి విడిగా డిజైన్ లేని సాదా నిలువు నూలు, అంటే పడుగు, వేయమని వారం ముందే చెప్పండి, నూలు ఖర్చు మీరే ఇవ్వండి. ఆ రోజు కూలి నేతన్నకే కాదు, ఆసు పోసే ఇంటావిడకూ లెక్కగట్టాలి. చాలామంది మరిచేది ఇదే.

నూనె పట్టించిన నూలుతో నేసే తేలియా రుమాలు చూపిస్తే నూనె వాసన ఉంటుందని ముందే చెప్పండి. పాత బట్టలు తెచ్చుకోమనండి, రంగు మరక పోదు.