వాయిస్ మెసేజ్‌ల నుంచి ప్రయాణం ప్లాన్ – 3వ పాఠం: ఏది ఖాయం, ఏది తేలాలి

గత రెండు పాఠాల్లో గ్రూపులోని వాయిస్ మెసేజ్‌లన్నీ వరసగా విని, ఒక్కోదానికి ఒక్కో లైను రాసుకున్నాం. ఎవరు, ఎప్పుడు, ఏమన్నారు, అంతే. ఈ పాఠంలో ఆ లైన్లను విడదీస్తాం. ఖాయమైనవి ఒకపక్క, తేలాల్సినవి ఒకపక్క.

ఉదాహరణకి మనం ఊహించుకున్న అరకు గ్రూపునే కొనసాగిద్దాం. హైదరాబాద్‌లో ఉండే ఐదుగురు: శ్రీను, లత, ఇమ్రాన్, సుజాత, కిరణ్. మనం రాసుకున్న లైన్లు ఇవి.

ఆదివారం, అక్టోబరు 11
రాత్రి 9:40, శ్రీను: "డిసెంబరు 11 శుక్రవారం సాయంత్రం నాంపల్లిలో గోదావరి ఎక్కేద్దాం. తెల్లారేసరికి వైజాగ్. అక్కడ కిరండూల్ ప్యాసింజర్ పట్టుకుంటే బొర్రా మీదుగా అరకు. అద్దాల బోగీ అయితే ఇంకా బాగుంటుంది."
9:52, కిరణ్: దానికి బొటనవేలు గుర్తు.
10:15, లత: "నేను రెడీ. శుక్రవారం లీవ్ ఒక్కటే, చూస్తా."

సోమవారం, అక్టోబరు 12
రాత్రి 12:20, ఇమ్రాన్: "రేపు పొద్దున ఎనిమిదింటికి బుకింగ్ ఓపెన్ అవుతుంది, నేను చేసేస్తా."
ఉదయం 9:05, ఇమ్రాన్: "చేసేశా. శ్రీనుకి, సుజాతకి, నాకు కన్ఫర్మ్. లతకి, కిరణ్‌కి విడిగా తీశా, అవి వెయిటింగ్."
మధ్యాహ్నం 1:30, సుజాత: "అరకులో టూరిజం వాళ్ల హరితకి ఫోన్ చేశా. రెండు రూములు ఉన్నాయన్నారు."
సాయంత్రం 6:10, కిరణ్: "రూములు అయిపోయాయిగా, ఎంత పంపాలి?"

ముందు తేదీల సంగతి చూడండి. ఇమ్రాన్ "రేపు" అన్నాడు. మెసేజ్ మీద సోమవారం 12 అని ఉంది కాబట్టి 13 అని రాసుకుంటే తప్పు. అర్ధరాత్రి దాటాక ఇంకా నిద్రపోనివాళ్లు "రేపు" అంటే తెల్లారబోయే రోజే. దీన్ని మరో దారిలో సరిచూసుకోవచ్చు. రైలు రిజర్వేషన్ ఇప్పుడు ప్రయాణానికి 60 రోజుల ముందు మొదలవుతుంది. డిసెంబరు 11 నుంచి 60 రోజులు వెనక్కి లెక్కిస్తే అక్టోబరు 12 వస్తుంది. కాబట్టి రేపు, ఎల్లుండి, వచ్చే వారం లాంటి మాటలు మీ సారాంశంలో ఒక్కటి కూడా మిగలకూడదు. తేదీ, వారం రెండూ రాయండి. ఆ రెండూ పొసగకపోతే ఎక్కడో పొరపాటు జరిగిందని వెంటనే తెలుస్తుంది.

ఇక అసలు విషయం. ఒక పని ఖాయమైందని రాయాలంటే నేను రెండే చూస్తాను. ఆ పని ఎవరి చేతిలో ఉందో వాళ్ల నోటి నుంచే ఆ మాట రావాలి. అది కూడా జరిగిపోయిన పనిగా రావాలి.

ఇమ్రాన్ రెండు మెసేజ్‌లు పక్కపక్కన పెట్టి చూడండి. రాత్రి "చేసేస్తా", పొద్దున "చేసేశా". మొదటిది మాట ఇవ్వడం, రెండోది పని అయిపోవడం. చాలామంది వాయిస్ మెసేజ్‌లను 2x లో వింటారు. ఆ వేగంలో, వెనకాల బస్సు హారన్లు ఉంటే, ఈ రెండు మాటలకీ తేడా దొరకదు. అందుకే టికెట్లు, డబ్బులు, రూముల మాట వచ్చిన చోట మాత్రం వేగం 1x కి తెచ్చి ఇంకోసారి వినండి. అప్పటికీ తేలకపోతే ఊహించి రాయొద్దు, అడగాల్సినవాటిలో వేయండి.

రూముల దగ్గర ఇంకా జాగ్రత్తగా ఉండాలి. సుజాత చెప్పింది "ఉన్నాయన్నారు" అని మాత్రమే. బుక్ చేశానని గానీ, అడ్వాన్సు కట్టానని గానీ అనలేదు. సాయంత్రానికి కిరణ్ దాన్ని "అయిపోయాయి" చేసేశాడు. అతని మెసేజ్ చివరిది కదా అని దాన్నే నమ్మితే రెండు రూములూ ఖాయమైనవాటిలోకి వెళ్లిపోతాయి. డిసెంబరులో, అదీ వారాంతంలో, అరకులో రూములు దొరకడం కష్టం. ఈ ఒక్క లైను తప్పుగా రాస్తే ఐదుగురూ చలిలో రూముల కోసం తిరగాల్సి వస్తుంది. సుజాత చెప్పేదాకా ఇది తేలని విషయమే.

కిరణ్ పెట్టిన బొటనవేలు గుర్తునీ ఒప్పుకున్నట్టు తీసుకోకండి. శ్రీను మెసేజ్‌లో తేదీ, రైలు, అద్దాల బోగీ మూడూ ఉన్నాయి. ఆ గుర్తు వేటికో తెలియదు, విన్నాను అని మాత్రమే కావచ్చు. లత "రెడీ" కూడా అంతే. వెంటనే "చూస్తా" అంది కాబట్టి ఆమె రాక లీవ్ మీద ఆధారపడి ఉంది.

ఇక్కడ చాలామంది ఆగిపోతారు, "మరి ట్రిప్ ఖాయమా కాదా?" అని. మొత్తం ట్రిప్ గురించి ఒక్క మాటలో తేల్చకండి, మనిషి మనిషికీ విడిగా చూడండి. డిసెంబరు 11 రైలు ముగ్గురికి ఖాయం. లతకి, కిరణ్‌కి కాదు. ఆన్‌లైన్‌లో తీసిన వెయిటింగ్ టికెట్, చార్టు తయారయ్యాక కూడా వెయిటింగ్‌లోనే ఉంటే దానంతటదే రద్దవుతుంది. దాంతో రైలెక్కడానికి లేదు. అదే ఆర్‌ఏసీకి వస్తే కూర్చునైనా వెళ్లొచ్చు. ఈ ముక్క సారాంశంలో ఉండాలి, లేకపోతే "టికెట్ ఉందిగా" అని ఇద్దరూ నిశ్చింతగా ఉండిపోతారు.

చివరగా, ఎవరూ మాట్లాడనివి. ఈ గ్రూపులో తిరుగు ప్రయాణం గురించి ఒక్కరూ అనలేదు. గోదావరి వైజాగ్ చేరడానికీ, కిరండూల్ బండి బయలుదేరడానికీ మధ్య ఎక్కువ టైమ్ ఉండదు. గోదావరి ఆలస్యమైతే ఏం చేయాలో కూడా ఎవరూ అడగలేదు. మెసేజ్‌లలో లేని విషయం రాయడం మన పనేనా అని సందేహం రావచ్చు. రాయాలి, కానీ "ఇంకా మాట్లాడుకోలేదు" అని చెప్పి రాయాలి. మీ సొంత ఆలోచన వాళ్లెవరో అన్నట్టు కనిపించకూడదు.

గ్రూపులో పెట్టాల్సిన మెసేజ్ ఇలా వస్తుంది.

*అరకు – అక్టోబరు 12, సోమవారం రాత్రి వరకు*

*ఖాయం*
డిసెంబరు 11, శుక్రవారం సాయంత్రం, నాంపల్లి నుంచి గోదావరి. శ్రీను, సుజాత, ఇమ్రాన్ టికెట్లు కన్ఫర్మ్.

*తేలాలి*
సుజాతా, హరితలో రూములు బుక్ చేశావా, లభ్యత మాత్రమే కనుక్కున్నావా? అడ్వాన్సు ఎంత? (రేటు తెలిసేదాకా ఎవరూ డబ్బు పంపొద్దు.)
లతా, 11 శుక్రవారం లీవ్ దొరికిందా? అక్టోబరు 16, శుక్రవారం లోపు చెప్పు.
కిరణ్, ఈ తేదీ నీకు సరేనా?
లత, కిరణ్ టికెట్లు వెయిటింగ్. కన్ఫర్మ్ కాకపోతే బస్సా, తత్కాలా? ఇమ్రాన్ చూస్తాడా?
అద్దాల బోగీ కావాలా? దానికి విడిగా రిజర్వేషన్ చేయాలి.

*ఇంకా మాట్లాడుకోలేదు*
తిరుగు ప్రయాణం. గోదావరి ఆలస్యమైతే అరకు ఎలా వెళ్లాలి.

ప్రశ్నలు రాసిన తీరు గమనించండి. "రూముల సంగతేంటి?" అని గ్రూపు మొత్తాన్ని అడిగితే అందరూ ఇంకొకరు చెబుతారులే అనుకుంటారు. పేరు పెట్టి, అవును కాదు అనో, ఒక అంకెతోనో జవాబిచ్చేలా అడిగితే పది సెకన్ల వాయిస్ మెసేజ్‌తో తేలిపోతుంది. రూముల ప్రశ్న అన్నిటికంటే ముందు పెట్టింది కూడా ఆలస్యం చేస్తే చేజారేది అదే కాబట్టి.

అభ్యాసం: మంగళవారం పొద్దున మరో మూడు మెసేజ్‌లు వచ్చాయి. సుజాత: "ఒక రూముకి అడ్వాన్సు కట్టేశా, రెండోది సాయంత్రం కడతా." శ్రీను: "లతకి లీవ్ వచ్చేసిందట." ఇమ్రాన్: "ఆదివారం రాత్రి తిరుగు గోదావరి లేదు, సాయంత్రమే ఉంది. గరీబ్ రథ్ చూడనా?" పైన ఇచ్చిన మెసేజ్‌లో ఏ లైను ఎక్కడికి మారుతుందో రాయండి. శ్రీను చెప్పిన మాట దగ్గర కాస్త ఆగి ఆలోచించండి. జవాబులు 4వ పాఠంలో, ఒకసారి ఖాయమైన ప్లాన్ మారినప్పుడు పాత సారాంశాన్ని ఎలా సరిచేయాలో చెబుతూ చూద్దాం.