ఆఫీసు తర్వాత ఆన్‌లైన్ పని: ఎక్కడ తేడా కొడుతోంది, ఎలా సరిచేసుకోవాలి

మా అక్క కొడుకు మాదాపూర్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెస్టర్. రాత్రిళ్లు వంటల చానళ్లకు వీడియోలు ఎడిట్ చేస్తాడు. నెలకు 8 వీడియోలు, ఒక్కోదానికి 1,500 రూపాయలు. ఆ 12,000తో చెల్లెలి హాస్టల్ ఫీజు గడిచిపోతోంది. ఆరు నెలలు బాగానే నడిచింది. తర్వాత ఒక ఆదివారం సాయంత్రం ఫోన్ చేసి, "మామయ్యా, రెండు పనులూ చెడేలా ఉన్నాయి" అన్నాడు. నేను చాలా ఏళ్లుగా హెచ్‌ఆర్‌లో పనిచేస్తున్నాను. ఇలాంటివాళ్లు ఏటా నా దగ్గరికి వస్తూనే ఉంటారు. వాడి విషయంలో మేం ఏం చూశామో, ఏం మార్చామో ఆ వరుసలోనే రాస్తున్నాను.

సమస్య 1: నిద్రపోయినా అలసట తీరదు, ఆఫీసులో చిన్న చిన్న తప్పులు దొర్లుతున్నాయి

వాడు ఒకే వారంలో రెండుసార్లు పాత బిల్డ్ నంబరుతో టెస్ట్ రిపోర్టు పంపాడు. మేనేజర్ అడిగేదాకా తనకే తెలియలేదు. ఇది మామూలు అలసటా, బర్నౌటా అని తేల్చుకోవడం ముందు పని. ప్రపంచ ఆరోగ్య సంస్థ బర్నౌట్‌కు మూడు గుర్తులు చెబుతుంది: ఒంట్లో శక్తి అయిపోయినట్టు ఉండడం, ఉద్యోగం మీద విరక్తి, ఇంతకుముందు సులువుగా చేసిన పని ఇప్పుడు సరిగ్గా చేయలేకపోవడం. అదనపు పని రెండు వారాలు పూర్తిగా ఆపి చూడండి. తేరుకుంటే అది గంటలు ఎక్కువైన అలసట. అయినా నిద్ర పట్టకపోయినా, పొద్దున లేవాలంటేనే గుండె దడగా ఉన్నా టైమ్‌టేబుల్ మార్చినంత మాత్రాన సరిపోదు, డాక్టర్‌ను కలవాలి.

మావాడు పది రోజుల్లో తేరుకున్నాడు. అంటే కారణం గంటల్లోనే ఉంది. "వీడియోకు నాలుగు గంటలే కదా" అని వాడి లెక్క. ఒక వీడియో మొదలుపెట్టిన దగ్గర్నుంచి డబ్బు వచ్చేదాకా పట్టిన ప్రతి నిమిషం కాగితం మీద రాయమన్నాను. ఫుటేజీ దించుకోవడానికి ముప్పావు గంట, ఎడిటింగ్‌కు నాలుగు గంటలు, థంబ్‌నెయిల్‌కు ముప్పావు గంట, "ఇక్కడ పాట కొంచెం తగ్గించు, అక్కడ పేరు మార్చు" అంటూ వచ్చిన మార్పులకు గంటన్నర, వాట్సాప్ మాటలకూ డబ్బు గుర్తుచేయడానికీ ఇంకో గంట. మొత్తం ఎనిమిది గంటలు! నెలకు 64 గంటలు. గంటకు 375 వస్తోందనుకున్నవాడికి నిజంగా వస్తున్నది 187 రూపాయలు.

సాధారణంగా ఇక్కడే అందరూ తప్పు మందు వేసుకుంటారు. ఇంకో క్లయింటును పట్టుకుంటారు, లేదా ఇంకో గంట మేల్కొంటారు. చేయాల్సింది పని తగ్గించి రేటు పెంచడం. మావాడు వీడియోకు 2,400 అన్నాడు. మార్పులు ఒకేసారి, ఒకే మెసేజ్‌లో రాసి పంపాలని, రెండోసారి అడిగితే 300 అదనమని ముందే చెప్పాడు. సగం డబ్బు మొదలుపెట్టేముందే తీసుకుంటున్నాడు. ఒక చానల్‌వాళ్లు వద్దని వెళ్లిపోయారు. మిగిలినవాళ్లతో నెలకు 5 వీడియోలు. ఒక్కోటి ఇప్పుడు ఆరు గంటల్లో తెమిలిపోతోంది కాబట్టి 30 గంటలకే అదే 12,000 వస్తోంది.

ఆ 30 గంటలను ఎక్కడ పెట్టాలన్నది తర్వాతి ప్రశ్న. మంగళ, గురువారాల్లో రాత్రి 8:30 నుంచి 10:30, శనివారం పొద్దున నాలుగు గంటలు. వారానికి ఎనిమిది గంటలు. ఆదివారం ల్యాప్‌టాప్ తెరవకూడదు. పదకొండుకల్లా పడుకోవాలి. రిలీజు ఉన్న వారం ఆఫీసు పని ఎలాగూ రాత్రిదాకా సాగుతుంది కాబట్టి ఆ వారం వీడియోలు ఒప్పుకోడు. ఆ సంగతి క్లయింట్లకు నెల మొదట్లోనే చెప్పేస్తాడు.

సమస్య 2: ఆఫీసులో ఎవరైనా ఫోన్ వైపు చూస్తే చాలు, టెన్షన్

గంటలు తగ్గినా ఈ బెంగ పోలేదు. దీనికి కారణం పని కాదు, పని దాచడం. ఆఫర్ లెటర్ మీద సంతకం పెట్టాడు గానీ చదవలేదు. చాలామంది చదవరు.

ముందు అపాయింట్‌మెంట్ లెటర్ తీయండి. అందులో ‘హోల్ టైమ్’, ‘ఎక్స్‌క్లూజివ్ సర్వీస్’, ‘ఔట్‌సైడ్ ఎంప్లాయ్‌మెంట్’, ‘కాన్‌ఫ్లిక్ట్ ఆఫ్ ఇంట్రెస్ట్’ అనే మాటలు వెతకండి. తర్వాత కంపెనీ పోర్టల్‌లో ఉండే కోడ్ ఆఫ్ కాండక్ట్ చూడండి. కొన్నింట్లో బయటి పని పూర్తిగా నిషేధం. చాలావాటిలో ‘ముందుగా రాతపూర్వక అనుమతి లేకుండా’ అని ఉంటుంది. ఆ ముక్క ఉందంటే అడిగే దారి ఉన్నట్టే. 2022లో విప్రో, పోటీ కంపెనీలకు కూడా పనిచేస్తున్నారని 300 మందిని తీసేసింది. అదే ఏడాది ఇన్ఫోసిస్, ముందుగా అనుమతి తీసుకుంటే గిగ్ పనులు చేసుకోవచ్చని ఉద్యోగులకు చెప్పింది. రెండో ఉద్యోగం వేరు, తీరిక వేళ చేసే చిన్న పని వేరు. కంపెనీలు కూడా ఆ తేడా చూస్తాయి.

మావాడి లెటర్‌లో అనుమతి ముక్క ఉంది. హెచ్‌ఆర్‌కు, మేనేజర్‌కు కలిపి మెయిల్ పెట్టించాను. అందులో ఐదే విషయాలు: చేసే పని వీడియో ఎడిటింగ్, వారానికి ఎనిమిది గంటలు, అదీ ఆఫీసు వేళల బయటే, సొంత ల్యాప్‌టాప్ మీదే, క్లయింట్లెవరికీ కంపెనీ వ్యాపారంతో సంబంధం లేదు. మూడు వారాలకు ‘సరే’ అని జవాబు వచ్చింది. మేనేజర్ క్యాంటీన్‌లో నోటితో "పర్లేదులే" అంటే దాన్ని నమ్ముకోకండి, రేపు ఆయన మారిపోతే మీ దగ్గర ఏమీ మిగలదు. అనుమతి ఇవ్వకపోతే పని ఆపాలి, లేదా ఉద్యోగం మారేటప్పుడు ఈ విషయం ముందే మాట్లాడుకోవాలి. దాచి కొనసాగించమని నేనెవరికీ చెప్పను. జీతం మీద రెండో ఉద్యోగమైతే యూఏఎన్ అనే మీ ఒకే పీఎఫ్ నంబరు కింద రెండు కంపెనీల పీఎఫ్ జమలూ పడతాయి, తర్వాతి కంపెనీ వెరిఫికేషన్‌లో అది బయటపడొచ్చు.

ఆఫీసు ల్యాప్‌టాప్ విషయంలో మాత్రం మినహాయింపు లేదు. దానిమీద చేసిన పని తనదేనని కంపెనీ అనే వీలు చాలా ఒప్పందాల్లో ఉంటుంది. కోడ్ రాసేవాళ్లకు ఇది మరీ ముఖ్యం.

ప్రభుత్వ ఉద్యోగుల సంగతి వేరు. కేంద్ర ఉద్యోగులకు 1964 నాటి కాండక్ట్ రూల్స్‌లో 15వ నియమం ఉంది: ముందస్తు అనుమతి లేకుండా వ్యాపారం, వేరే ఉద్యోగం చేయకూడదు. అప్పుడప్పుడు చేసే సాహిత్య, కళా, శాస్త్ర సంబంధ పనులకు వెసులుబాటు ఉంది, అదీ డ్యూటీకి అడ్డు రాకపోతేనే. రాష్ట్ర ఉద్యోగులు తమ రాష్ట్ర నియమావళి చూసుకోవాలి.

సమస్య 3: "డబ్బు మా ఆవిడ పేరు మీద తీసుకుంటే సరిపోదా?"

ఈ ప్రశ్న నన్ను చాలామంది అడిగారు. సరిపోదు. పని చేసింది మీరైతే ఆదాయం మీదే. కంపెనీ నియమం చూసేదీ డబ్బు ఎవరి ఖాతాలో పడిందని కాదు, పని ఎవరు చేశారని. ఆ డబ్బును మీ రిటర్నులోనే చూపించండి. ఫ్రీలాన్స్ ఆదాయం ఉంటే జీతగాళ్లు మామూలుగా వేసే ఐటీఆర్-1 పనికిరాదు, ఐటీఆర్-3 గానీ ఐటీఆర్-4 గానీ వేయాలి. టీడీఎస్ పోగా ఏడాదికి కట్టాల్సిన పన్ను 10,000 దాటితే అడ్వాన్స్ టాక్స్ కూడా ఉంటుంది. మావాడు వచ్చిన ప్రతి 2,400లో 400 వేరే ఖాతాలో వేస్తున్నాడు, మార్చిలో వెతుక్కోనక్కర్లేకుండా.