కవలలతో పుట్టింటి నుంచి బయల్దేరుతున్నారా? ముందు రాత్రుల సంగతి చూసుకోండి

తల్లి పక్కలో పసిబిడ్డ ఊపిరాడక పోయిందన్న వార్త వచ్చినప్పుడల్లా అందరూ తల్లినే అంటారు. ఆమె కంటినిండా నిద్రపోయి ఎన్నాళ్లయిందో అడిగేవాళ్లుండరు. కవలల తల్లికి ఈ ప్రమాదం దగ్గరయ్యేది పుట్టింటి నుంచి వచ్చేశాకే. అక్కడ అమ్మా పిన్నీ వంతులేసుకుని ఎత్తుకునేవాళ్లు. ఇక్కడ ఉన్నది భర్త ఒక్కడే, అతనికి పొద్దున్నే డ్యూటీ.

ఇళ్లల్లో పదేపదే జరిగే పొరపాటు ఒకటే: అర్ధరాత్రి ఇద్దరినీ ఒళ్లో పెట్టుకుని, సోఫాలో పాలిస్తూ కునుకు తీయడం. మంచం మీదైతే నిద్ర పట్టేస్తుందని కావాలనే సోఫాకి మారతారు. సోఫా మంచం కన్నా ప్రమాదం. సీటు సందులోకి జారిన బిడ్డ ముఖం మూసుకుపోతుంది, ఏడుపు కూడా బయటికి రాదు. ఇద్దరుంటే సర్దడానికి మీకు ఖాళీ చెయ్యి ఉండదు.

ఆ కునుకు రాకూడదంటే పట్టుదల చాలదు. తల్లికి ఏకబిగిన నాలుగు గంటల నిద్ర దొరకాలి, అందుకు ఇద్దరి పాలవేళలు కలపాలి. ఒంటిగంటకి పెద్దాడు లేచాడనుకోండి. పాలిచ్చి, త్రేన్పు తీయించి పడుకోబెట్టండి. వెంటనే, నిద్రలో ఉన్న చిన్నాణ్ణి లేపి ఇవ్వండి. జాలిపడి వదిలేస్తే మీకు కన్నంటుకునే రెండింటికి వాడు లేస్తాడు, నాలుగింటికి మళ్లీ పెద్దాడు. లేవకపోతే డైపర్ మార్చండి, అరికాళ్లు రుద్దండి. చిన్న లైటు చాలు, కబుర్లు వద్దు. పొద్దున కూడా ఇద్దర్నీ ఒకే వేళకి లేపితేనే రాత్రులు కుదురుకుంటాయి. నెలలు నిండక పుట్టినవాళ్లకి పాలకి పాలకి మధ్య డాక్టరు చెప్పిన గడువు దాటించకండి.

తొమ్మిది నుంచి ఒంటిగంట వరకు భర్త వంతు. తల్లి ముందే పిండి ఫ్రిజ్‌లో పెట్టిన పాలు అతను పట్టాలి. ఆ నాలుగు గంటలు తల్లి వేరే గదిలో పడుకోవాలి.

ఇద్దరూ ఒకేసారి ఏడిస్తే ఒకణ్ణి వాడి పక్క మీదే వెల్లకిలా ఉంచి, ఒకడికే ఇవ్వండి. ఐదు నిమిషాల ఏడుపుతో ఏమీ కాదు. సోఫాలో కునుకుతో అవుతుంది.

కూర్చోలేనంత నిద్ర ముంచుకొస్తే దిండ్లూ దుప్పట్లూ తీసేసిన మంచం మీద పాలివ్వండి. అది మంచి పద్ధతని కాదు, సోఫా కన్నా నయం. మెలకువ రాగానే బిడ్డని వాడి పక్క మీదికి మార్చండి.

ఇద్దరికీ మీ గదిలోనే, వేర్వేరు పక్కలు.
పరుపు గట్టిగా ఉండాలి.
చుట్టూ దిండ్లు వద్దు. చలికాలమైనా బొంత వద్దు, ఒంటికి ఇంకో చొక్కా తొడగండి.
రాత్రంతా చీర ఉయ్యాల్లో వద్దు. గడ్డం ఛాతీకి ఆని ఊపిరి బిగుస్తుంది.
ఒకే ఉయ్యాల్లో ఇద్దరూ అసలే వద్దు.
మూసిన గదిలో సాంబ్రాణి పొగ వేయకండి.
బోర్లాపడటం మొదలైతే గుడ్డతో చుట్టడం ఆపేయండి.
పాలిస్తుంటే మీ కళ్లు మూతపడుతున్నాయా, బిడ్డని దించేయండి. కడుపు నిండకపోయినా సరే, దించేయండి.
పెదాలు నీలంగా మారినా, లేపితే లేవకపోయినా వెంటనే 108.